చివరి బెడ్‌రూమ్ టీవీకి వైఫై అందట్లేదా: మెష్ కొనాలా, ఎక్స్‌టెండర్ సరిపోతుందా?

వైజాగ్‌లో మన ఫ్లాట్లు చాలావరకు ఒకేలా ఉంటాయి కదా, ఫైబర్ వాడు వచ్చి మెయిన్ డోర్ పక్కనో హాల్లో బాల్కనీ కిటికీ దగ్గరో రౌటర్ డబ్బా బిగించేసి పోతాడు, టీవీ మాత్రం ఆ మూల చివరి బెడ్‌రూమ్‌లో ఉంటుంది, మధ్యలో వంటిల్లు, బాత్రూమ్, ఒక బీరువా. సినిమా పెడితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. షాపుకెళ్తే వాడు మెష్ తీసుకోమంటాడు, అంటే ఇంట్లో అక్కడక్కడా పెట్టుకుంటే అన్నీ కలిసి ఒకే వైఫైలా నడిచే డబ్బాల సెట్. తెలిసినవాళ్ళని అడిగితే పదిహేను వందలకి సిగ్నల్‌ని ముందుకి అందించే ఎక్స్‌టెండర్ వచ్చేస్తుంది కదా అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, కానీ మీ ఇంట్లో కొలవకుండా చెప్తున్నారు. కొలవడం మీరే చేసుకోవచ్చు, ఫోన్ ఒకటి ఉంటే చాలు, అరగంట పని.

ముందు అసలు తప్పు వైఫైదో కాదో చూడండి. రాత్రి తొమ్మిదింటికి, అంటే అందరూ వాడే టైమ్‌లో, ఫోన్ పట్టుకుని రౌటర్ పక్కన నిలబడి, రౌటర్ ఇచ్చే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కనెక్ట్ అయి బ్రౌజర్‌లో fast.com తెరవండి. మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయితే అక్కడ 80, 90 రావాలి. అక్కడే 10, 12 వస్తుంటే మెష్ కొన్నా ఎక్స్‌టెండర్ కొన్నా ఒరిగేదేం ఉండదు, నెట్ కంపెనీకి కంప్లైంట్ పెట్టుకోండి. రౌటర్ దగ్గర బాగా వచ్చి బెడ్‌రూమ్‌లో పడిపోతుంటేనే ఇక్కడ్నుంచి చదవండి.

టీవీకి ఎంత కావాలో కూడా ముందే తెలిస్తే సగం ఖర్చు తగ్గుతుంది. 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు చెప్పే లెక్క 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. అంతే. మీ ప్లాన్ 300 అయినంత మాత్రాన టీవీ దగ్గర 300 రానక్కర్లేదు, ఒక 25, 30 ఆగకుండా వస్తే 4కే హాయిగా నడుస్తుంది. ఈ "ఆగకుండా" అన్నదే ముఖ్యం, ఒక నిమిషం 40 వచ్చి మరు నిమిషం 3 వచ్చే కనెక్షన్ కన్నా నిలకడగా 20 వచ్చేదే టీవీకి మేలు.

ఇప్పుడు ఇల్లంతా నడవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ప్లే స్టోర్‌లో WiFi Analyzer లాంటి యాప్ ఒకటి దించుకోండి, సిగ్నల్ ఎంతుందో డీబీఎంలో చూపిస్తుంది. ఐఫోన్ వాళ్ళకి ఇలాంటి యాప్స్ పనిచేయవు, ఆపిల్ వాళ్ళదే AirPort Utility దించుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ లోపల వైఫై స్కానర్ ఆన్ చేస్తే అదే లెక్క వస్తుంది. అంకె ముందు మైనస్ ఉంటుంది, కాబట్టి మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు, మైనస్ 80 అంటే దాదాపు పోయినట్టు. వీడియోకి మైనస్ 67 దాకా పర్వాలేదు, 70 దాటితే అనుమానం, 75 దాటితే ఆశ వదిలేయండి. 5 గిగాహెర్ట్జ్, 2.4 రెండూ విడివిడిగా రాసుకోండి, రౌటర్ దగ్గర, మధ్య దారిలో, బెడ్‌రూమ్ గుమ్మం దగ్గర, లోపల గుమ్మం పక్క సాకెట్ దగ్గర, టీవీ వెనకాల. ఒక్కోచోట అర నిమిషం కదలకుండా నిలబడండి, అంకె ఊగుతూ ఉంటుంది, మధ్యస్తంగా ఉన్నది రాసుకోండి.

ఎంవీపీ కాలనీలో మా పిన్ని వాళ్ళ మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో కొలిస్తే వచ్చిన అంకెలు చెప్తాను, మీ ఇంటికి పోల్చుకోడానికి పనికొస్తాయి. 100 ఎంబీపీఎస్ ప్లాన్, డబ్బా హాల్లో గుమ్మం పైన. డైనింగ్ దగ్గర వాష్‌బేసిన్ పక్కన 5 గిగాహెర్ట్జ్ మైనస్ 57. బెడ్‌రూమ్ లోపల, గుమ్మం పక్కనే ఉన్న సాకెట్ దగ్గర మైనస్ 65, అక్కడ స్పీడ్ 60 దాకా వస్తోంది. అక్కడ్నుంచి నాలుగు మీటర్లు లోపలికి, టీవీ వెనకాల, మైనస్ 81. నాలుగు మీటర్లకే అంత తేడా ఏంటంటే, టీవీ ఉన్న గోడకి అవతల బాత్రూమ్, రౌటర్ నుంచి టీవీకి గీత గీస్తే అది సరిగ్గా తొమ్మిదంగుళాల గోడ, టైల్స్, పైపులు, ఆ తర్వాత ఒక ఇనప బీరువా దాటి వస్తోంది. గుమ్మం దగ్గరికి మాత్రం తలుపులోంచి నేరుగా వస్తోంది. 2.4 గిగాహెర్ట్జ్ టీవీ వెనకాల మైనస్ 70 ఉంది, అంటే కనెక్షన్ నిలుస్తుంది కానీ అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ అదే బ్యాండ్‌లో గుంపుగా ఉండటం వల్ల స్పీడ్ 8 చూపించి 2కి జారిపోతోంది. పిన్ని "ఏట్రా, ఫోన్‌లో వస్తాది, టీవీలో రాదేటి" అంటుంది, ఆవిడ ఫోన్ చూసేది మంచం మీద గుమ్మం వైపు కూర్చుని, అందుకే వస్తోంది.

కొనే ముందు ఊరికే అయిపోయేవి రెండు చూసేయండి. ఒకటి, టీవీ ఏ బ్యాండ్‌కి కనెక్ట్ అయిందో చూడండి. తక్కువ రేటు టీవీల్లో చాలావాటికి 2.4 మాత్రమే ఉంటుంది, నెట్‌వర్క్ లిస్టులో మీ 5 గిగాహెర్ట్జ్ పేరు కనపడకపోతే అదే కారణం. రెండు, ఫైర్ స్టిక్ వాడుతుంటే దాన్ని టీవీ వెనక గుచ్చేసి గోడకీ టీవీకీ మధ్య ఇరికించకండి, బాక్సులో వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ ముక్క తగిలించి స్టిక్‌ని టీవీ అంచు బయటికి తీసుకురండి. టీవీ వెనక ఉన్న రేకు సిగ్నల్‌ని బాగానే అడ్డుకుంటుంది, బోర్డర్‌లో ఉన్న ఇళ్ళలో ఇది ఒక్కటే సరిపోతుంది.

అది కూడా అయ్యాక అసలు విషయానికొద్దాం. ఎక్స్‌టెండర్ అంటే రౌటర్ మాట విని మళ్ళీ అదే మాట గట్టిగా చెప్పేది. ఒకే ఛానల్‌లో విని, ఒకే ఛానల్‌లో చెప్పాలి కాబట్టి వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు, అందుకే స్పీడ్ దాదాపు సగం అవుతుంది. దీన్ని పట్టుకునే మెష్ అమ్మేవాళ్ళు ఎక్స్‌టెండర్ వేస్ట్ అంటారు. కానీ వాళ్ళు చెప్పనిది ఏంటంటే, ఐదారు వేలకి వచ్చే రెండు డబ్బాల డ్యూయల్ బ్యాండ్ మెష్ కూడా, మధ్యలో కేబుల్ లేకపోతే, అదే 5 గిగాహెర్ట్జ్ మీద ఒక డబ్బాతో మాట్లాడి, అదే దాని మీద మీ టీవీతో మాట్లాడాలి. సగం నష్టం దానికీ ఉంది. డబ్బాల మధ్య మాట్లాడుకోడానికే విడిగా ఇంకో రేడియో ఉన్న ట్రై బ్యాండ్ మెష్‌కి ఈ బాధ తక్కువ, కానీ రేటు బాగా ఎక్కువ.

మెష్ నిజంగా గెలిచేది ఎక్కడంటే, మీరు ఫోన్ మాట్లాడుతూ హాల్లోంచి బెడ్‌రూమ్‌కి, అక్కడ్నుంచి బాల్కనీకి తిరుగుతుంటే కాల్ తెగకుండా ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి ఇచ్చేస్తుంది. టీవీ తిరగదు కదా. గోడకి స్క్రూలు కొట్టి బిగించిన వస్తువుకి ఆ సుఖం కోసం డబ్బులు పెట్టడం ఎందుకు?

పైగా టీవీ తిరగదు కాబట్టే ఇంకో లాభం ఉంది, దీన్ని చాలామంది వాడుకోరు. ఎక్స్‌టెండర్ కింద నెట్ కేబుల్ గుచ్చే లాన్ పోర్ట్ ఒకటి ఉంటుంది చూడండి, దాంట్లోంచి టీవీ వెనక ఉన్న లాన్ పోర్ట్‌కి చిన్న కేబుల్ వేసేస్తే ఎక్స్‌టెండర్ వినడం మాత్రం వైఫైలో వింటుంది, చెప్పడం కేబుల్‌లో చెప్తుంది. సగం అయ్యే గొడవే ఉండదు. టీవీకి 5 గిగాహెర్ట్జ్ లేకపోయినా ఫర్లేదు, కేబులే కదా. ఆ పోర్ట్ ఎక్కువ ఎక్స్‌టెండర్లలో, ఎక్కువ టీవీల్లో 100 ఎంబీపీఎస్‌దే, మనకి కావాల్సింది 25, కాబట్టి దాని గురించి బాధ పడక్కర్లేదు. పిన్ని వాళ్ళింట్లో గుమ్మం పక్క సాకెట్‌లో ఎక్స్‌టెండర్ పెట్టి టీవీ వైఫైతో కనెక్ట్ చేస్తే 27 వచ్చింది, అదే చోటు నుంచి స్కర్టింగ్ వెంబడి ఐదు మీటర్ల కేబుల్ లాగి టీవీకి గుచ్చితే 56. 27 కూడా సినిమాకి చాలు అనొచ్చు, కానీ రాత్రి ఇద్దరు ఫోన్లు పట్టుకుని అదే ఎక్స్‌టెండర్ మీద రీల్స్ చూస్తుంటే 27 నుంచి మిగిలేది తక్కువ, 56 అయితే కాస్త ఊపిరి ఉంటుంది.

కాబట్టి నిర్ణయం మీరు రాసుకున్న అంకెల్లోనే ఉంది. రౌటర్‌కీ టీవీకీ మధ్య ఎక్కడైనా, సాకెట్ ఉన్నచోట, 5 గిగాహెర్ట్జ్ మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగ్గా దొరికిందా, ఇబ్బంది ఒక్క టీవీకేనా, అక్కడ్నుంచి టీవీకి కేబుల్ వెళ్తుందా? మూడింటికీ అవును అయితే లాన్ పోర్ట్ ఉన్న డ్యూయల్ బ్యాండ్ ఎక్స్‌టెండర్ తీసుకోండి, సుమారు రెండు నుంచి మూడు వేల మధ్య. కేబుల్ వెళ్ళదు కానీ మిగతా రెండూ ఉన్నాయి, టీవీకి 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంది అంటే అప్పుడూ ఎక్స్‌టెండరే ప్రయత్నించొచ్చు. 2.4 మాత్రమే ఉన్న పన్నెండు వందల రకం మాత్రం వద్దు, అపార్ట్‌మెంట్‌లో అది ఉన్న రద్దీని ఇంకా పెంచుతుంది.

మెష్ ఎప్పుడంటే, టీవీతో పాటు ఇంకో రెండు మూడు చోట్ల కూడా సిగ్నల్ లేనప్పుడు, వర్క్ ఫ్రమ్ హోమ్ కాల్స్ తెగిపోతున్నప్పుడు, లేదా గాజువాక, పెందుర్తి వైపు డూప్లెక్స్‌లలో లాగా డబ్బా కింద, టీవీ పైన, మధ్యలో స్లాబ్ ఉన్నప్పుడు. స్లాబ్‌లో ఇనప చువ్వలు ఉంటాయి, 5 గిగాహెర్ట్జ్ దాన్ని దాటి రావడం కష్టం, మెట్ల దగ్గర ఒక డబ్బా పెట్టాల్సిందే.

మధ్యలో మైనస్ 67 దొరికే చోటే లేదంటే ఏదీ కొనకండి, మెష్ కూడా. చెవిటివాడికి ఎంత ఖరీదైన డబ్బా ఇచ్చినా వినపడదు. అప్పుడు ఎలక్ట్రీషియన్ని పిలిచి హాల్ నుంచి బెడ్‌రూమ్‌కి క్యాట్ 6 కేబుల్ లాగించండి. చాలా ఫ్లాట్లలో కేబుల్ టీవీ వైర్ కోసం గోడలో పైపు ముందే వేసి ఉంటుంది, పాత వైర్‌కే కొత్తది కట్టి లాగితే వచ్చేస్తుంది. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వేయనివ్వద్దు. ఆ కేబుల్ నేరుగా టీవీకి పెట్టేసుకుంటే ఈ వైఫై పురాణమే అక్కర్లేదు.

ఎక్స్‌టెండర్ కొన్నారనుకుందాం. ముందు రౌటర్ ఉన్న హాల్లోనే పెట్టి సెటప్ చేయండి, చోటు తర్వాత మార్చొచ్చు. రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కి రెండు నిమిషాల్లోపు ఎక్స్‌టెండర్‌ది నొక్కితే కలిసిపోతాయి. కొన్ని ఫైబర్ డబ్బాల్లో ఆ బటన్ ఉండదు, లేదా ఆపేసి ఉంటుంది, అప్పుడు ఎక్స్‌టెండర్ సొంత వైఫైకి ఫోన్ కలిపి దాని స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్ బ్రౌజర్‌లో కొట్టాలి, టీపీ లింక్ అయితే tplinkrepeater.net.

సెటప్‌లో చూడాల్సింది, అది రౌటర్‌ని ఏ బ్యాండ్ మీద పట్టుకుందో. రౌటర్లో 2.4కీ 5కీ ఒకే పేరు ఉంటే ఎక్స్‌టెండర్ ఒక్కోసారి 2.4నే పట్టుకుని కూర్చుంటుంది, మీ కష్టమంతా వృథా. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఎక్స్‌టెండర్‌కి 5ది మాత్రమే ఇవ్వండి. 5 గిగాహెర్ట్జ్‌కి ఛానల్ ఆటోలో ఉంటే 36 పెట్టేయండి, ఎందుకంటే 52 నుంచి 144 మధ్య ఛానల్స్ రాడార్లతో పంచుకునేవి, కొన్ని ఎక్స్‌టెండర్లకి అవి అసలు కనపడవు, కనపడినా మధ్యలో రౌటర్ ఛానల్ మార్చేస్తే సినిమా ఆగుతుంది. టీవీని వైఫైతోనే కలిపేవాళ్ళు ఎక్స్‌టెండర్‌కి విడి పేరు పెట్టుకోండి, టీవీలో పాత రౌటర్ పేరుని మర్చిపొమ్మని చెప్పేయండి, లేదంటే టీవీ మొండిగా ఆ దూరపు సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది.

ఇక చోటు. జనం ఎక్కువ పాడు చేసుకునేది ఇక్కడే. ఎక్స్‌టెండర్‌ని తీసుకెళ్ళి టీవీ పక్కనే పెడతారు, టీవీలో గీతలు ఫుల్, అయినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, బాక్స్ చెడ్డదని తిట్టుకుంటారు. ఆ గీతలు టీవీకీ ఎక్స్‌టెండర్‌కీ మధ్యవి, ఎక్స్‌టెండర్‌కీ రౌటర్‌కీ మధ్య ఎంతుందో అవి చెప్పవు. ఆ రెండో సంగతి ఎక్స్‌టెండర్ మీదున్న సిగ్నల్ లైట్ చెప్తుంది, రంగుల అర్థం మాన్యువల్‌లో ఉంటుంది. పిన్ని వాళ్ళింట్లో పరీక్షకని టీవీ వెనకాలే గుచ్చి చూస్తే గీతలన్నీ నిండాయి, స్పీడ్ 5. గుమ్మం దగ్గరికి మారిస్తే పైన చెప్పిన 56. వస్తువు అదే, నాలుగు మీటర్ల తేడా. తలుపు పూర్తిగా వేసి కూడా ఒకసారి కొలవండి, రాత్రి ఏసీ వేసుకుంటే తలుపు మూసే కదా చూస్తారు. ఫ్రిజ్ వెనక, అద్దం వెనక, బీరువా పక్క సాకెట్లు వద్దు.

బీచ్ వైపు ఇళ్ళల్లో ఉప్పు గాలికి సాకెట్ల లోపలి రేకులు తుప్పుపట్టి వదులైపోతుంటాయి, బరువుకి ఎక్స్‌టెండర్ కిందికి వాలి కరెంటు వచ్చిపోతుంటే అది మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అవుతుంది, మీరేమో నెట్ పోతోందనుకుంటారు. చేత్తో కదిపితే లైట్ మినుకుమంటే ముందు సాకెట్ మార్పించండి. ఇంకోటి, పడుకునే ముందు స్విచ్‌లన్నీ ఆపే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు, ఆ స్విచ్ మీద టేప్ ముక్క అంటించేయండి, లేదంటే మర్నాడు టీవీ పెట్టిన ప్రతిసారీ నెట్ రాలేదని మీకే ఫోన్ వస్తుంది.

మెష్ తీసుకున్నవాళ్ళు రెండు విషయాలు చూసుకోండి. మొదటి డబ్బాని ఫైబర్ డబ్బాకి కేబుల్‌తో కలిపాక, మెష్ యాప్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టి, ఫైబర్ డబ్బాలో ఉన్న వైఫైని ఆపేయండి. ఆపకుండా మెష్‌ని రౌటర్ మోడ్‌లోనే వదిలేస్తే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు తయారవుతాయి, సినిమా వస్తుంది కానీ ఫోన్ పాత వైఫై మీద, టీవీ మెష్ మీద ఉంటే ఫోన్లోంచి టీవీకి కాస్ట్ కొడదామంటే టీవీ పేరే కనపడదు. టీవీ చెడిపోయిందని మెకానిక్‌ని పిలిచినవాళ్ళున్నారు. రెండోది, మెష్ రెండో డబ్బాకి కూడా అదే చోటు నియమం, మైనస్ 67 ఉన్నచోటే, టీవీ పక్కన కాదు. కొనేటప్పుడు రెండో డబ్బాకి కూడా లాన్ పోర్ట్ ఉందో లేదో చూడండి, కొన్నిటికి ఉండదు. ఉంటే టీవీకి కేబులే వాడండి, గోడలో క్యాట్ 6 ఉంటే ఆ రెండు డబ్బాల్ని దాంతోనే కలపండి, అప్పుడు స్పీడ్ సగం అవడం ఉండదు, మెష్‌కి పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది.

చివరి పరీక్ష రాత్రి తొమ్మిది, పది మధ్యే చేయండి, మధ్యాహ్నం చేస్తే అన్నీ బాగానే వస్తాయి. టీవీ బ్రౌజర్‌లోనో, నెట్‌ఫ్లిక్స్ యాప్ సహాయం మెనూలో ఉండే నెట్‌వర్క్ చెక్‌తోనో చూసి, తర్వాత ఒక 4కే సినిమా పెట్టి, తలుపు మూసి, ఇంట్లో వాళ్ళని మామూలుగానే ఫోన్లు వాడుకోమనండి. అరగంటలో ఒక్కసారి కూడా బొమ్మ మసకబారకపోతే ఆ చోటు ఖాయం. మసకబారితే ఎక్స్‌టెండర్‌ని రౌటర్ వైపు ఇంకో సాకెట్‌కి జరిపి మళ్ళీ చూడండి, ఇవన్నీ రిటర్న్ గడువు అయ్యేలోపే.